చేతిరాత స్పెక్ ఫొటో నుంచి టెస్ట్ కేసులు రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మీటింగ్‌లో ఎవరో నోట్‌బుక్‌లో నాలుగు లైన్లు రాస్తారు, ఇంకొకరు ఫొటో తీసి గ్రూప్‌లో పెడతారు, “ఇదే స్పెక్, టెస్టులు రాసెయ్” అంటారు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చే సందేహాలు దాదాపు ఎప్పుడూ ఒకటే. అందుకే జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఉదాహరణకు అంతటా ఒకే పేజీ తీసుకున్నాను. రూళ్ల నోట్‌బుక్, నీలం పెన్ను, పార్కింగ్ ఫీజు లెక్కగట్టే ఫంక్షన్:

> parking_fee(mins)
> 30 ని. లోపు ఫ్రీ
> 2 గం. వరకు ₹20/-
> తర్వాత గంటకు ₹10/- (కొంచెం దాటినా పూర్తి గంటే)
> రోజుకు మాక్సిమం ₹100/-
> మైనస్ వస్తే ఎర్రర్

## ఫొటో దగ్గర

ఫొటో కొంచెం మసగ్గా ఉంది. ఉన్నదానితో మొదలుపెట్టేయొచ్చా?

అంకెలు, గుర్తులు తేటగా కనిపిస్తుంటే మొదలుపెట్టండి. పదాలు మసకబారినా సందర్భాన్ని బట్టి తెలుస్తాయి. అంకెకు ఆ ఆసరా ఉండదు. “గం_కు” అని కనిపిస్తే గంటకు అని ఎవరైనా చెప్తారు. “_0” అని కనిపిస్తే అది 10 ఓ, 40 ఓ, 70 ఓ చెప్పడం ఎవరి తరమూ కాదు. అలాంటిది ఒక్కటి ఉన్నా ఇంకో ఫొటో అడగండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో సైజు తగ్గిపోయి వస్తుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫోన్‌ను పేజీకి సరిగ్గా పైన పట్టుకుని, ఫ్లాష్ ఆపి, పగటి వెలుతురులో తీయమనండి. పేజీ నాలుగు మూలలూ ఫొటోలో పడాలి. అంచు దగ్గర తెగిపోయిన చోటే “ఆదివారం ఫ్రీ” లాంటి ఒక నియమం ఉండిపోతుంది.

స్కానర్ యాప్‌లో బ్లాక్ అండ్ వైట్ చేస్తే చదవడం తేలిక కదా?

పదాలు చదవడానికి తేలికే. కానీ ఆ ఫిల్టర్ సన్నటి గీతలనూ చిన్న చుక్కలనూ మురికి అనుకుని చెరిపేస్తుంది. 2.5 లో చుక్క పోతే 25 అవుతుంది. పైగా రంగు పోతుంది. నీలం పెన్నుతో రాసిన దాన్ని తర్వాత ఎర్ర పెన్నుతో దిద్దారంటే ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఆ రంగే చెబుతుంది. అందుకే అసలు కలర్ ఫొటోను ఎప్పుడూ పక్కనే ఉంచుకోండి.

## చదివేటప్పుడు

ఏ గుర్తుల దగ్గర ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి?

మన చేతిరాతల్లో నేను ఎక్కువగా చూసినది రూపాయల దగ్గరే. “20/-” అని వేగంగా రాసినప్పుడు ఆ వాలుగీత నిలువుగా నిలబడిపోతుంది. చిన్న అడ్డగీత పక్కకు జరుగుతుంది. చూస్తే “201-”. ఒకసారి నేనే అలా 201 అని చదివి, ఆ విలువతోనే టెస్ట్ రాశాను. అది ఫెయిలైతే డెవలపర్ మధ్యాహ్నమంతా కోడ్‌లో తప్పు వెతికాడు. తప్పు నా చదువులో ఉంది. అప్పటి నుంచి డబ్బు ఉన్న ప్రతిచోటా చివరి అంకె నిజంగా 1 ఆ, వాలుగీతా అని జూమ్ చేసి చూస్తాను.

ముందుండే ₹ గుర్తుతోనూ ఇదే బాధ. పై గీతలు రెండూ కలిసిపోతే అది 7 లా కనబడి ₹20 కాస్తా 720 అవుతుంది. ఇలాంటప్పుడు అదే చేతిరాతలో అదే గుర్తు ఇంకెక్కడుందో వెతకండి. మన పార్కింగ్ పేజీలో ₹ మూడు చోట్ల ఉంది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ చెయ్యి ₹ ను ఎలా తిప్పుతుందో తెలిసిపోతుంది. 1కీ 7కీ, 0కీ 6కీ తేడా పట్టుకోవడానికి కూడా ఇదే దారి.

గుర్తు < ఆ, ≤ ఆ అన్నది తేలడం లేదు. ఏం చేయాలి?

రూళ్ల కాగితం మీద ఇది తరచుగా జరుగుతుంది. ≤ కింద ఉండే చిన్న గీత సరిగ్గా రూలు మీద పడుతుంది, అందులో కలిసిపోతుంది. కొన్నిసార్లు దీనికి తలకిందులుగా, రాసినవాళ్లు < మాత్రమే రాసినా కింద ఉన్న రూలు వల్ల అది ≤ లా కనిపిస్తుంది. కలర్ ఫొటోను బాగా జూమ్ చేసి రంగు చూడండి. అచ్చు రూలు పలచగా, ఒకే మందంతో పేజీ అంతా సాగుతుంది. పెన్ను గీత అక్కడక్కడా చిక్కబడి, గుర్తు వెడల్పు దాటగానే ఆగిపోతుంది. అప్పటికీ తేలకపోతే ఊహించవద్దు. టైప్ చేసిన కాపీలో దాన్ని సందేహంగా గుర్తుపెట్టి, రాసినవాళ్లను అడగండి. ఆ ఒక్క గీత ఉందా లేదా అన్నదాని మీదే హద్దు దగ్గర వచ్చే జవాబు ఆధారపడి ఉంటుంది.

కొట్టేసిన లైన్లు, బాణాలు, మార్జిన్‌లో రాసినవి కూడా లెక్కలోకి తీసుకోవాలా?

తీసుకోవాలి. కొట్టేసిన లైన్ నియమం కాదు కానీ, నియమం మారిందని చెబుతుంది. ఉదాహరణకు పేజీలో “15 ని. ఫ్రీ” కొట్టేసి “30 ని.” అని రాసి ఉంటే, కోడ్‌లో పాత 15 మిగిలిపోయే అవకాశం ఉంది. కాబట్టి 16 నిమిషాలకు ఒక టెస్ట్ వేయడం మంచిది. సగమే కొట్టేసిన లైన్ అయితే ఎంతవరకు రద్దయిందో అడగాల్సిందే.

ఫొటో చూస్తూ నేరుగా టెస్టులు రాసేస్తే ఏమవుతుంది?

చదవడంలో తప్పు, అర్థం చేసుకోవడంలో తప్పు రెండూ కలిసిపోయి, తర్వాత ఏది ఏదో విడదీయలేరు. ముందు పేజీని ఉన్నది ఉన్నట్టు టైప్ చేయండి. లైన్‌కో నంబర్ ఇవ్వండి. చదవలేని చోట [?] పెట్టండి. పదాలు సరిదిద్దొద్దు, “లోపు” అని ఉంటే “లోపు” అనే టైప్ చేయండి. దాన్ని ≤ 30 గా మార్చారంటే మీరు అప్పుడే ఒక నిర్ణయం తీసేసుకున్నట్టు. ఆ కాపీని రాసినవాళ్లకు పంపి “మీరు రాసింది ఇదేనా” అని అడగండి. ఆరు లైన్ల పేజీకి పది నిమిషాలు పడుతుందేమో. ఆ పది నిమిషాలను నేను ఎప్పుడూ వదులుకోను. ఆ పేజీ మీద కస్టమర్ ఫోన్ నంబర్ లాంటివి ఉంటే ఫొటోను ఇంకెవరికైనా పంపే ముందు వాటిని కప్పేయండి.

## అర్థం తేల్చుకునేటప్పుడు

“30 ని. లోపు” అంటే 30 కలుస్తుందా, కలవదా?

తెలుగులో రాసిన స్పెక్‌లో అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. “లోపు” అన్న మాటను కొందరు 30 కలుపుకునే వాడతారు, కొందరు 30కి ముందే అన్న అర్థంలో వాడతారు. “పది గంటల లోపు రా” అంటే సరిగ్గా పదికి వచ్చినవాడు ఆలస్యమైనట్టా కాదా అని ఇద్దరిని అడిగి చూడండి. “వరకు” అన్నప్పుడు మామూలుగా ఆ సంఖ్య కలుస్తుంది. “దాటితే”, “మించితే” అన్నప్పుడు కలవదు. “పైన” దగ్గర మళ్లీ సందేహమే. “60 ఏళ్ల పైన” అంటే సరిగ్గా అరవై ఉన్నవాళ్లు వస్తారా అన్నది సందర్భాన్ని బట్టి మారుతుంది.

మన పేజీలో ఒక లైన్‌లో “లోపు”, తర్వాతి లైన్‌లో “వరకు” ఉన్నాయి. రాసిన మనిషి కావాలనే తేడా చూపించారో, నోటికి వచ్చింది రాశారో పేజీ చెప్పదు. ఈ ఉదాహరణలో అడిగితే వచ్చిన జవాబు: సరిగ్గా 30కి కూడా ఫ్రీ, సరిగ్గా 120కి కూడా 20 రూపాయలే.

ప్రతిదానికీ ఫోన్ చేస్తే రాసినవాళ్లు విసుక్కుంటారు. ఎలా అడగాలి?

నియమం గురించి అడగకండి, సంఖ్య ఇచ్చి అడగండి. “లోపు అంటే కలుపుకునేనా?” అంటే ఎదుటివాళ్లు ఆలోచనలో పడతారు, లేదా వినకుండానే అవునంటారు. “బండి సరిగ్గా 30 నిమిషాలు ఉంది. ఎంత తీసుకోవాలి?” అంటే వెంటనే జవాబు వస్తుంది, అదే మీ టెస్ట్ కేసు కూడా అవుతుంది.

సంఖ్యను జాగ్రత్తగా ఎంచుకుంటే ఒక్కటే పెద్ద సందేహాన్ని తీరుస్తుంది. మన పేజీలో “2 గం.” అన్నది బండి వచ్చినప్పటి నుంచా, ఫ్రీ 30 నిమిషాలు అయిపోయాకా? “140 నిమిషాలకు ఎంత?” అని అడగండి. వచ్చినప్పటి నుంచి లెక్క అయితే రెండు గంటలు దాటింది కాబట్టి 30 రూపాయలు. ఫ్రీ సమయం పోగా లెక్క అయితే 110 నిమిషాలే కాబట్టి 20. 100 నిమిషాలకు ఎంత అని అడిగి ఉంటే రెండు లెక్కల్లోనూ 20 వచ్చేది, మీకేమీ తెలిసేది కాదు. ప్రశ్నలన్నీ పోగుచేసి ఒకేసారి పంపండి. ఇక్కడ వచ్చిన జవాబు: వచ్చినప్పటి నుంచే.

## ఎడ్జ్ కేసులు ఎంచుకునేటప్పుడు

ఏ విలువలు తీసుకోవాలో ఎలా తెలుస్తుంది?

జవాబు మారే చోటు ప్రతిదాన్నీ పట్టుకుని, హద్దు మీద ఒకటి, దాటగానే ఒకటి తీసుకోండి. పార్కింగ్ ఫీజులో మొదటి హద్దు 30. అక్కడ 30కి 0, 31కి 20. రెండోది 120. అక్కడ 120కి 20, 121కి 30. అడుగున 0 నిమిషాలు ఉంది, ఇది ఫ్రీ. దాని కింద -1 ఉంది, ఇది ఎర్రర్.

“కొంచెం దాటినా పూర్తి గంటే” అన్న లైన్ దగ్గర కొంచెం ఆగండి. కోడ్ తప్పేది ఎక్కువగా ఇక్కడే. రెండు గంటల తర్వాత గంటలను `(mins - 120) // 60` అని లెక్కిస్తే 121కి అదనపు గంట సున్నా అవుతుంది, ఫీజు 20 వస్తుంది, తప్పు. దాన్ని సరిచేద్దామని చివర `+ 1` పెడితే 121 బాగవుతుంది కానీ, 180కి రెండు గంటలు పడి 40 వస్తుంది. రావాల్సింది 30. అంటే 121 ఒక్కటే టెస్ట్ చేస్తే రెండో తప్పు దొరకదు, 180 ఒక్కటే చేస్తే మొదటిది దొరకదు. 121, 180, 181 మూడూ ఉండాలి. 150 లాంటి మధ్య విలువతో పది టెస్టులు రాసినా ఈ మూడింటి పని చేయవు.

మాక్సిమం 100కి 100 వచ్చే విలువ ఒకటి పెట్టాను. సరిపోతుందా?

సరిపోదు. లెక్క వేసి చూడండి. మొదటి రెండు గంటలకు 20, ఆ తర్వాత ఎనిమిది గంటలకు 80. మొత్తం 100. అంటే 541 నుంచి 600 నిమిషాల దాకా పరిమితి లేకపోయినా ఫీజు మామూలుగానే 100 వస్తుంది. మీరు 600 పెడితే, కోడ్‌లో మాక్సిమం లైన్ రాయడమే మర్చిపోయినా టెస్ట్ పాసవుతుంది. పరిమితిని నిజంగా పరీక్షించే మొదటి విలువ 601. పరిమితి ఉంటే 100, లేకపోతే 110. స్పెక్‌లో “మాక్సిమం”, “కనీసం” అన్న మాట కనిపిస్తే, ఆ నియమం లేకపోతే జవాబు ఎక్కడ వేరవుతుందో కాగితం మీద లెక్కగట్టి ఆ చోటే టెస్ట్ పెట్టండి.

“రోజుకు” అన్నారు. ఒక రోజు దాటితే ఏమవుతుంది?

ఇది పేజీలో లేదు, మీరు కనిపెట్టి రాయకూడదు. 24 గంటలంటే 1440 నిమిషాలు. 1440కి 100 అని ధైర్యంగా రాయొచ్చు. 1441కి రెండో రోజు కొత్తగా 30 నిమిషాల ఫ్రీతో మొదలైతే 100, గంట లెక్క కొనసాగితే 110, రెండో రోజు కూడా పూర్తి రోజుగా తీసుకుంటే 200. మూడూ నమ్మేలాగే ఉన్నాయి.

ఇంకోటి కూడా ఉంది. “రోజు” అంటే అర్ధరాత్రికి మారే తేదీ అని వాళ్ల ఉద్దేశమైతే, ఈ ఫంక్షన్ ఆ లెక్క చేయనే లేదు. దానికి అందేది `mins` ఒక్కటే. బండి రాత్రి 11కి వచ్చిందో, ఉదయం 9కి వచ్చిందో దానికి తెలియదు. అప్పుడు మార్చాల్సింది టెస్ట్ కాదు, ఫంక్షన్ తీసుకునే ఇన్‌పుట్టే. కోడ్ రాయకముందే ఈ మాట చెప్పగలిగితే అందరికీ బోలెడంత పని తప్పుతుంది.

ఖాళీ విలువ, 30.5, “ముప్పై” అని టెక్స్ట్ ఇస్తే? ఇవన్నీ రాయాలా?

ముందు `mins` ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోండి. ఇంకో ఫంక్షన్ పూర్ణసంఖ్యగా మార్చి పంపేటట్టయితే టెక్స్ట్ కేసుల మీద సమయం పెట్టకండి. కానీ 30.5 ను మాత్రం అడగండి. ఎందుకంటే నిజం బండి 30 నిమిషాల 30 సెకన్లు ఉంటుంది. ఆ సెకన్లను ఎవరో ఒకరు పైకో కిందికో సర్దాలి. కిందికి సర్దితే ఫ్రీ, పైకి సర్దితే 20 రూపాయలు. గేటు దగ్గర గొడవలు వచ్చేది సరిగ్గా ఇలాంటి చోటే.

## టెస్టులు రాసేటప్పుడు

కోడ్ రెడీగా ఉంది. రన్ చేసి వచ్చిన విలువనే రావాల్సిన జవాబుగా పెట్టొచ్చా?

వద్దు. అలా చేస్తే కోడ్ తనతో తానే సరిపోలుతుందని మాత్రమే తేలుతుంది. రావాల్సిన విలువ టైప్ చేసిన పేజీలోంచి, మీ చేతి లెక్కలోంచి రావాలి. ఉదాహరణకు 181: మొదటి 120కి 20, మిగిలిన 61 నిమిషాలు రెండు గంటలు, 20 + 20 = 40. ఇలా ఒక్కో దానికీ లెక్క వేసి, కోడ్ తెరవకముందే రాసిపెట్టుకోండి.

పైటెస్ట్‌లో ఇది ఎలా ఉంటుంది?

విలువలు ఒక పట్టికలా, ఏ లైన్ నుంచి వచ్చాయో పక్కన రాసి ఉంటే చాలు.

```python
import pytest
from parking import parking_fee

@pytest.mark.parametrize("mins, fee", [
    (0, 0), (30, 0), (31, 20),        # లైన్ 2
    (120, 20), (121, 30),             # లైన్ 3
    (180, 30), (181, 40),             # లైన్ 4
    (600, 100), (601, 100), (1440, 100),  # లైన్ 5
])
def test_fee(mins, fee):
    assert parking_fee(mins) == fee

def test_negative():                  # లైన్ 6
    with pytest.raises(ValueError):
        parking_fee(-1)
```

ఇక్కడ `ValueError` అన్నది పేజీలో లేదు. పేజీలో “ఎర్రర్” అనే ఉంది. ఏ ఎర్రర్ అన్నది డెవలపర్‌తో మాట్లాడి పెట్టుకున్నదని కామెంట్‌లో రాయండి.

జవాబు ఇంకా రాని ప్రశ్నకు టెస్ట్ వదిలేయాలా?

వదిలేస్తే అందరూ మర్చిపోతారు. కారణం రాసి పక్కన పెట్టండి.

```python
@pytest.mark.skip(reason="1441 ని.కి 100, 110, 200? జవాబు రావాలి")
def test_second_day():
    ...
```

`pytest -rs` అని రన్ చేసిన ప్రతిసారీ ఆ కారణం స్క్రీన్ మీద కనిపిస్తుంది. రిలీజ్‌కు ముందు అది ఇంకా అక్కడే ఉందంటే మళ్లీ అడగాలని అర్థం.

టెస్ట్ ఫెయిలైంది. తప్పు కోడ్‌దా, నేను చదవడంలోనా?

బగ్ రిపోర్ట్ రాసే ముందు ఫొటో తెరవండి. ఫెయిలైన విలువ ఏ లైన్‌ది అన్నది కామెంట్‌లో ఉంటుంది కాబట్టి ఆ లైన్ దగ్గరికి వెళ్లి, అక్షరాలు మళ్లీ చదవండి. తేడా ఎలా ఉందో కూడా చూడండి. వచ్చింది 20, మీరు ఆశించింది 201 అయితే వాలుగీతను 1 గా చదివి ఉంటారు. సరిగ్గా హద్దు దగ్గర ఒక్కటే ఫెయిలై, దానికి అటూ ఇటూ పాసైతే, కోడ్‌లో < ఉండాల్సిన చోట ≤ ఉందో, మీరే ఆ గుర్తును అలా చదివారో చూడాలి. చదివింది సరైనదే అని తేలితే బగ్ రిపోర్ట్‌లో ఫొటోలోని ఆ లైన్ ముక్కను కత్తిరించి పెట్టండి. దాని కింద మీ చేతి లెక్క రాయండి.